ఆరేళ్లలో ఆరు చోట్ల పని: రెజ్యూమేలో అనుభవం భాగం అతుకుల బొంతలా కనిపించకుండా ఎలా రాయాలి?

నిజాంపేట_టెస్టర్

నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నాను. నా రెజ్యూమేలో అనుభవం అన్న శీర్షిక కింద ఆరు పేర్లు వరుసగా కనిపిస్తాయి. 2018 జూన్ నుంచి 2020 మార్చి వరకు, దుకాణాలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఒక చిన్న కంపెనీలో పర్మనెంటు ఉద్యోగిగా పనిచేశాను. లాక్‌డౌన్ సమయంలో ఆ ఉద్యోగం పోయి ఆరు నెలలు ఖాళీగా ఉన్నాను. తరువాత 2020 అక్టోబర్ నుంచి 2021 జూలై వరకు ఒక ప్రైవేటు బ్యాంకులోనూ, 2021 ఆగస్టు నుంచి 2022 ఏప్రిల్ వరకు ఒక బీమా కంపెనీలోనూ కాంట్రాక్టు మీద ఉన్నాను. 2022 మే నుంచి ఆగస్టు వరకు ఒక స్టార్టప్‌లో చేరి, జీతాలు సమయానికి రాకపోవడంతో నాలుగు నెలలకే బయటికి వచ్చేశాను. 2022 సెప్టెంబర్ నుంచి 2023 నవంబర్ వరకు ఆసుపత్రి బిల్లులు, క్లెయిములు చూసే ఒక సంస్థలో, 2023 డిసెంబర్ నుంచి 2024 ఆగస్టు వరకు మరొక బ్యాంకులో మళ్లీ కాంట్రాక్టు మీదే పనిచేశాను.

ఈ నెలలో నాకు వచ్చిన మూడు ఫోన్ కాల్స్‌లోనూ మొదటి ప్రశ్న ఒక్కటే: "ఎందుకండీ ఇన్నిసార్లు మారారు?" నిజానికి వీటిలో నాలుగు చోట్ల నేను మానలేదు, కాంట్రాక్టు గడువు ముగిసింది. ఆ మాట చెప్పే అవకాశం వచ్చేలోపే అవతలివాళ్లు ఒక నిర్ణయానికి వచ్చేస్తున్నారు. అబద్ధం ఒక్కటి కూడా రాయకుండా, ఈ ఆరు ముక్కలు ఒకే ప్రయాణంలా చదివించేలా ఎలా రాయాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

గోదావరి_గట్టు

నెలలు తీసేసి సంవత్సరాలు మాత్రమే రాయండి. 2020–2021, 2021–2022, 2022–2024 అని వేస్తే తొమ్మిది నెలల పని కూడా రెండేళ్ల పనిలా నిండుగా కనిపిస్తుంది, లాక్‌డౌన్ నాటి ఖాళీ కూడా కంటికి ఆనదు. మా అన్నయ్య అలాగే రాశారు, ఉద్యోగం వచ్చింది.

పాత_రిక్రూటర్

గోదావరి_గట్టు గారి సలహా ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవారికి పనికివస్తుంది, ఎందుకంటే వాళ్ల 2006 నాటి నెలలు ఎవరికీ అక్కరలేదు. ఆరేళ్ల అనుభవం ఉన్న మనిషి సంవత్సరాలు మాత్రమే రాస్తే, రోజుకు వంద రెజ్యూమేలు చూసే మాలాంటి వారికి అది చెప్పకుండా చెప్పినట్టే ఉంటుంది. నెలలు లేని రెజ్యూమే చేతికి వచ్చినప్పుడల్లా నేను చేసే మొదటి పని ఫోన్ చేసి నెలలు అడగడం. నౌక్రీలో ప్రొఫైల్ నింపేటప్పుడు, కంపెనీల సొంత దరఖాస్తు ఫారాల్లోనూ నెల ఎలాగూ అడుగుతారు. అక్కడ ఒకటి, ఇక్కడ ఒకటి ఉంటే అనుమానం పెరుగుతుందే గాని తగ్గదు.

నిజాంపేట_టెస్టర్ గారూ, నాది ఒక ప్రశ్న. ఆ నాలుగు కాంట్రాక్టుల్లో మీకు జీతం ఎవరి ఖాతా నుంచి పడింది? బ్యాంకు, బీమా కంపెనీ నేరుగా ఇచ్చాయా, మధ్యలో పేరోల్ కంపెనీ ఉందా?

నిజాంపేట_టెస్టర్

మధ్యలో పేరోల్ కంపెనీలే ఉన్నాయి. మొదటి బ్యాంకు, బీమా కంపెనీ రెండింటికీ ఒకే పేరోల్ కంపెనీ పంపింది. తరువాతి రెండింటికీ వేరొక పేరోల్ కంపెనీ పంపింది. ఆ పేర్లు ఎవరికీ తెలియవు, బ్యాంకు పేరు రాస్తే బరువుగా ఉంటుందని రెజ్యూమేలో క్లయింట్ల పేర్లే రాశాను.

వెరిఫికేషన్_డెస్క్

మీ చిక్కుముడి అక్కడే పడింది. నేను తొమ్మిదేళ్లుగా హైదరాబాదులో బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ పనిలో ఉన్నాను కాబట్టి, మీ రెజ్యూమే మా బల్ల మీదికి వస్తే ఏమవుతుందో చెబుతాను.

మేము మొదట చూసేది, ఉద్యోగి రాసిన యజమాని పేరు, ఆఫర్ లెటర్ మీదా రిలీవింగ్ లెటర్ మీదా పేస్లిప్ మీదా ఉన్న పేరు, పీఎఫ్ ఖాతాలో కనిపించే పేరు, ఇవన్నీ ఒకటేనా అన్నది. మీరు బ్యాంకు పేరు రాశారు. మేము బ్యాంకు హెచ్‌ఆర్‌కు రాస్తే, "ఈ పేరుతో మా వద్ద ఉద్యోగి ఎవరూ లేరు" అని జవాబు వస్తుంది. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు, మీరు వాళ్ల ఉద్యోగి కానే కాదు. మీరు కూడా అబద్ధం చెప్పాలనుకోలేదు. అయినా నివేదికలో అది తేడాగానే నమోదవుతుంది. ఇలా ఆగిపోయిన మంచి అభ్యర్థులను నేను చాలామందిని చూశాను. ఒక అమ్మాయి విషయంలో ఆ తేడాను సరిచేయడానికి మూడు వారాలు పట్టింది, ఆలోపు ఆ ఖాళీలో వేరే వారిని తీసుకున్నారు.

కాబట్టి పెద్ద అక్షరాల్లో ఉండవలసింది మీకు జీతం ఇచ్చిన పేరోల్ కంపెనీ పేరు. దాని కింద, కొంచెం లోపలికి జరిపి, మీరు పనిచేసిన క్లయింట్లు రావాలి. ఇలా రాసినప్పుడు మీకు తెలియకుండానే మరొక మేలు జరుగుతుంది. మొదటి పేరోల్ కంపెనీలో మీరు 2020 అక్టోబర్ నుంచి 2022 ఏప్రిల్ దాకా ఆగకుండా పంతొమ్మిది నెలలు ఉన్నారు. రెండోదానిలో 2022 సెప్టెంబర్ నుంచి 2024 ఆగస్టు దాకా సరిగ్గా ఇరవై నాలుగు నెలలు ఉన్నారు. ఆరు ఉద్యోగాలు నాలుగయ్యాయి, వాటిలో మూడు దాదాపు రెండేళ్ల చొప్పున ఉన్నాయి. దేనినీ దాచలేదు, ఉన్నది ఉన్నట్టు రాశాము.

ఒక్క జాగ్రత్త చెప్పాలి. ఇలా కలిపి రాయడం ఒకే పేరోల్ కంపెనీ మీద, మధ్యలో విరామం లేకుండా ఉన్నప్పుడే సరైనది. వేరు వేరు పేరోల్ కంపెనీలను "వివిధ క్లయింట్లకు కాంట్రాక్టు" అని ఒకే శీర్షిక కింద తోసేస్తే, మేము ఎవరికి రాయాలో మాకు తెలియదు.

కూకట్‌పల్లి_జావా

వెరిఫికేషన్_డెస్క్ గారు చెప్పినది బాగుంది, కాని స్టార్టప్‌లో గడిపిన నాలుగు నెలలను అసలు రాయనవసరం లేదని నా అభిప్రాయం. అది తీసేస్తే రెండు పేరోల్ కంపెనీల మధ్య నాలుగు నెలల ఖాళీ మాత్రమే మిగులుతుంది. ఆటోమేషన్ కోర్సు చేశానని చెప్పవచ్చు. రెజ్యూమే అంటే ఆత్మకథ కాదు కదా, మనకు పనికివచ్చేది రాసుకోవడం మన హక్కు.

వెరిఫికేషన్_డెస్క్

రెజ్యూమేలో ఏది రాయాలన్నది మీ హక్కే, అందులో నాకు విభేదం లేదు. చేయని కోర్సును చేశానని చెప్పడం మాత్రం హక్కు కాదు, మరో అబద్ధాన్ని తెచ్చిపెట్టుకోవడం.

ఆచరణలో ఉన్న ఇబ్బంది కూడా చెబుతాను. నిజాంపేట_టెస్టర్ గారూ, ఆ స్టార్టప్ మీకు పీఎఫ్ జమ చేసిందా? చేసి ఉంటే, ఒక్క నెలది అయినా సరే, అది మీ యూఏఎన్ కింద శాశ్వతంగా ఉంటుంది. ఈపీఎఫ్ఓ సభ్యుల పోర్టల్‌లోకి వెళ్లి `View` కింద `Service History` తెరిస్తే, మీ యజమానులందరి పేర్లు, చేరిన తేదీ, వదిలిన తేదీ వరుసగా కనిపిస్తాయి. ఆఫర్ ఇచ్చే ముందు చాలా కంపెనీలు ఆ పేజీనే అడుగుతున్నాయి. రెజ్యూమేలో లేని పేరు అక్కడ ఉంటే, నాలుగు నెలలకే ఎందుకు మానేశారన్న ప్రశ్న పోయి, ఎందుకు దాచారన్న ప్రశ్న వస్తుంది. రెండో ప్రశ్నకు మంచి జవాబు ఉండదు.

నిజాంపేట_టెస్టర్

ఇప్పుడే తెరిచి చూశాను. స్టార్టప్ రెండు నెలలకు మాత్రమే పీఎఫ్ కట్టింది, పేరు మాత్రం ఉంది. అంతకంటే కలవరపెట్టే విషయం మరొకటి కనిపించింది. మొదటి పేరోల్ కంపెనీ ఎదురుగా వదిలిన తేదీ 2022 జూన్ అని ఉంది. నేను ఏప్రిల్ చివరనే మానేశాను, రిలీవింగ్ లెటర్ మీద కూడా ఏప్రిల్ అనే ఉంది. ఇక రెండో పేరోల్ కంపెనీ ఎదురుగా వదిలిన తేదీ ఉండవలసిన చోట ఏమీ లేదు.

పీఎఫ్_సందేహి

నాకూ ఇలాగే రెండు పాత ఖాతాలు ఉన్నాయి. ఉద్యోగం మారినప్పుడు పాత పీఎఫ్ డబ్బు తీసుకోవడం మంచిదా, కొత్త ఖాతాకు మార్చుకోవడం మంచిదా? ఇంటి కోసం అడ్వాన్సు తీసుకుంటే పెన్షన్ భాగం తగ్గుతుందా?

పాత_రిక్రూటర్

పీఎఫ్_సందేహి గారూ, అది వేరే చర్చ, దయచేసి విడిగా ప్రారంభించండి. ఇక్కడ పీఎఫ్ ప్రస్తావన తేదీల వరకే వచ్చింది.

వెరిఫికేషన్_డెస్క్

తేదీల సంగతి ముందు తేల్చుకోండి, రెజ్యూమే తరువాత దిద్దవచ్చు. 2022 మే, జూన్ నెలల్లో మీరు పేరోల్ కంపెనీలోనూ స్టార్టప్‌లోనూ ఒకేసారి పనిచేసినట్టు ఆ పేజీ చూపిస్తోంది. ఈ రోజుల్లో రెండు ఉద్యోగాలు ఒకేసారి చేయడం గురించి కంపెనీలు ఎంత పట్టుదలగా ఉన్నాయో మీకు తెలుసు. పేరోల్ కంపెనీ హెచ్‌ఆర్‌కు రిలీవింగ్ లెటర్ జతచేసి, వదిలిన తేదీని సరిచేయించమని రాతపూర్వకంగా అడగండి. దిద్దుబాటు ఆలస్యమైనా ఆ ఈమెయిల్ మీ వద్ద ఉంటే, అడిగినప్పుడు చూపించవచ్చు.

ఖాళీగా ఉన్న రెండో తేదీకి దారి కొంత సులువు. యజమాని వేయకపోతే, ఆఖరి పీఎఫ్ జమ అయిన రెండు నెలల తరువాత సభ్యుడే `Manage` కింద `Mark Exit` ద్వారా వేసుకోవచ్చు. మీది ఆగస్టు కాబట్టి త్వరలో ఆ అవకాశం వస్తుంది. అక్కడ వేసిన తేదీని మళ్లీ మార్చడం కష్టం, అందుకని రిలీవింగ్ లెటర్ పక్కన పెట్టుకుని వేయండి.

డల్లాస్_నుంచి

అమెరికాలో కాంట్రాక్టు మీద పనిచేసే మనవాళ్లలో నేనూ ఒకడిని. ఇక్కడ రెజ్యూమేలో క్లయింట్ పేరే పైన రాస్తాము, ఎవరూ వింతగా చూడరు. ఆరు నెలల ప్రాజెక్టులు పది ఉన్నా ఇబ్బంది లేదు. కాబట్టి మీరు క్లయింట్ పేర్లు రాసినది తప్పని నేను అనుకోను. బ్యాంకు పేరు చూసే కదా మనిషి ఆగి చదివేది!

వెరిఫికేషన్_డెస్క్

డల్లాస్_నుంచి గారూ, అక్కడ మీరు దరఖాస్తు చేసేది ఎక్కువగా మరో కాంట్రాక్టుకే, చదివేవారు ఆ పద్ధతి తెలిసినవారు. అయినా అక్కడ కూడా మీ జీతపు డబ్ల్యూ-2 పత్రం మీద ఉండేది మిమ్మల్ని పంపిన కంపెనీ పేరే కదా. నిజాంపేట_టెస్టర్ గారు వెతుకుతున్నది ఇక్కడ, పర్మనెంటు ఉద్యోగం. చదివేవారు వేరు, వారి భయం వేరు. క్లయింట్ పేరు వద్దని నేను అనలేదు, యజమాని స్థానంలో వద్దన్నాను.

డల్లాస్_నుంచి

అవును, డబ్ల్యూ-2 మీద మా వెండర్ పేరే ఉంటుంది. ఇక్కడ కూడా వెరిఫికేషన్ దగ్గర దానినే అడిగిన సందర్భాలు ఉన్నాయి. పర్మనెంటు కోసం అన్న సంగతిని నేను గమనించలేదు.

బెంగళూరు_టీమ్_లీడ్

నేను టెస్టర్లను తీసుకునే వైపు కూర్చునే మనిషిని. ఇప్పటిదాకా అందరూ పేర్ల గురించి, తేదీల గురించి మాట్లాడారు. అవి సరిగా ఉంటే రెజ్యూమే పట్టుబడకుండా ఉంటుంది, అంతే. నాలుగు శీర్షికల కిందా "టెస్ట్ కేసులు రాశాను, రిగ్రెషన్ చేశాను, డిఫెక్టులు నమోదు చేశాను" అని ఒకే మూడు వాక్యాలు ఉంటే, ఈయన ఎక్కడికి వెళ్లినా మొదటి ఏడాది పనే మళ్లీ మళ్లీ చేశాడని నేను అనుకుంటాను. మారినందుకు కాదు, మారినా ఎదగనందుకు పక్కన పెడతాను.

నిజాంపేట_టెస్టర్ గారూ, ప్రతి చోటా మీరు పట్టుకున్న డిఫెక్టుల్లో మీకు ఇప్పటికీ గుర్తున్నది ఒక్కొక్కటి చెప్పండి. రెజ్యూమే భాషలో కాకుండా, మామూలుగా చెప్పండి.

నిజాంపేట_టెస్టర్

బిల్లింగ్ కంపెనీలో, ఒకే బిల్లులో వేరు వేరు జీఎస్టీ రేట్ల సరుకులు ఉండి, మొత్తం మీద డిస్కౌంటు ఇస్తే, పన్ను డిస్కౌంటుకు ముందు ధర మీద లెక్కించేది. మొదటి బ్యాంకులో, ఈఎంఐ మధ్యలో కొంత అసలు ముందే కట్టేస్తే, చివరి వాయిదాలో కొన్ని రూపాయలు తేడా వచ్చేవి. బీమా కంపెనీలో, గ్రేస్ పీరియడ్ చివరి రోజున ప్రీమియం కడితే పాలసీ ల్యాప్స్ అయినట్టు చూపేది.

ఆసుపత్రి క్లెయిముల సంస్థలో నాకు బాగా గుర్తున్నది గది అద్దె సంగతి. పాలసీలో ఉన్న పరిమితి కంటే ఖరీదైన గది తీసుకుంటే మిగతా ఖర్చుల్లోనూ ఆ నిష్పత్తిలో కోత పడుతుంది. ఆ కోత మందుల బిల్లుకు పడకూడదు, కాని మా సాఫ్ట్‌వేర్ దానికీ వేసేది. మూడు రోజులు బిల్లులు ముందేసుకుని చేత్తో లెక్క కట్టి చూపించాను. చివరి బ్యాంకులో, 2024 ఫిబ్రవరి 29 వచ్చింది కదా, ఆ రోజు మీదుగా సాగే ఫిక్స్‌డ్ డిపాజిట్లకు ఒక రోజు వడ్డీ తగ్గుతోందని జనవరిలోనే పట్టుకున్నాను.

బెంగళూరు_టీమ్_లీడ్

మీ రెజ్యూమే మీరు చెప్పిన ఈ రెండు పేరాల్లోనే ఉంది. పన్ను, ఈఎంఐ, ప్రీమియం, క్లెయిము కోత, డిపాజిట్ వడ్డీ: ఆరేళ్లుగా మీరు చేసినది ఒకటే పని, డబ్బు లెక్క తప్పే చోటును పట్టుకోవడం. కంపెనీలు మారాయి, మీ పని మారలేదు, అదే సమయంలో లెక్క కష్టతరమవుతూ వచ్చింది. ఈ సంగతి మీ రెజ్యూమేలో ఎక్కడైనా ఉందా?

నిజాంపేట_టెస్టర్

లేదు. పైన "శ్రద్ధతో, బృందంతో కలిసి పనిచేసే క్వాలిటీ ఇంజనీర్" అని ఉంది.

బెంగళూరు_టీమ్_లీడ్

ఆ వాక్యం తీసేసి, పేరు కిందనే రెండు వరుసలు ఇలాంటివి పెట్టండి: "బ్యాంకింగ్, బీమా సాఫ్ట్‌వేర్‌లో వడ్డీ, ఈఎంఐ, క్లెయిము లెక్కలను పరీక్షించే టెస్ట్ ఇంజనీరును. ఎక్కువ భాగం గడువు ఉన్న కాంట్రాక్టు ప్రాజెక్టుల్లో పనిచేశాను, ప్రస్తుతం పర్మనెంటు ఉద్యోగం కోరుతున్నాను." కాంట్రాక్టు అన్న మాట అక్కడే పడితే, కింద తేదీలు చూసేటప్పటికి చదివేవారి మనసులో జవాబు ఉంటుంది.

ఆ తరువాత, వెరిఫికేషన్_డెస్క్ గారు చెప్పిన వరుసలో ఒక భాగం రాసి చూపిస్తాను, మిగతావి మీరు ఇదే పద్ధతిలో రాసుకోండి.

మొదటి వరుస: "పేరోల్ కంపెనీ పేరు, హైదరాబాదు. టెస్ట్ ఇంజనీర్ (కాంట్రాక్టు). సెప్టెంబర్ 2022 – ఆగస్టు 2024."

దాని కింద: "క్లయింట్: ఆరోగ్య బీమా క్లెయిముల సంస్థ, 15 నెలలు. గది అద్దె పరిమితి దాటిన క్లెయిముల్లో మందుల బిల్లుకు తప్పుగా పడుతున్న కోతను, బిల్లులను చేత్తో లెక్కించి నిరూపించాను. ప్రాజెక్టు పూర్తయింది."

దాని కింద: "క్లయింట్: ప్రైవేటు బ్యాంకు, 9 నెలలు. ఫిబ్రవరి 29 మీదుగా సాగే డిపాజిట్లకు ఒక రోజు వడ్డీ తగ్గే లోపాన్ని, ఆ తేదీ రాకముందే గుర్తించాను. కాంట్రాక్టు గడువు ముగిసింది."

చివర ఉన్న ఆ చిన్న వాక్యం వదిలిపెట్టవద్దు. ఫోన్‌లో మిమ్మల్ని అడిగిన ప్రశ్నకు జవాబు అదే. అంతకంటే పొడుగ్గా రాస్తే సంజాయిషీలా ఉంటుంది.

పాత_రిక్రూటర్

దీనికి ఒకటి చేరుస్తాను. క్లయింట్ పేరు బయట చెప్పకూడదని మీరు సంతకం చేసి ఉంటే, "ప్రైవేటు బ్యాంకు" అని రాయడమే సరైన పద్ధతి, ఎవరూ తప్పు పట్టరు. పేరోల్ కంపెనీ ఇచ్చిన డిప్యుటేషన్ లెటర్‌లో క్లయింట్ పేరు ఉంటుంది, ఇంటర్వ్యూలో అడిగితే దాని ఆధారంగా మాట్లాడవచ్చు. ఆ లెటర్లు మీ వద్ద లేకపోతే ఇప్పుడే అడిగి తీసుకోండి, ఏడాది గడిస్తే అక్కడ మిమ్మల్ని ఎరిగినవారే ఉండరు.

అతిథి_అధ్యాపకురాలు

నాది సాఫ్ట్‌వేర్ కాదు, కాని బాధ ఇదే. ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లో గెస్ట్ ఫ్యాకల్టీగా ఐదేళ్లు వృక్షశాస్త్రం బోధించాను. ప్రతి విద్యా సంవత్సరం మొదట్లో తీసుకుంటారు, వేసవికి ముందు ఆపేస్తారు, మళ్లీ నోటిఫికేషన్, మళ్లీ ఇంటర్వ్యూ. రెండు కళాశాలల్లో కలిపి నా వద్ద ఐదు అనుభవ పత్రాలు ఉన్నాయి. ఒక ప్రైవేటు కళాశాల వారు నా రెజ్యూమే చూసి, "ఐదుసార్లు మానేశారేమిటమ్మా?" అని అడిగారు. నేను ఏనాడూ మానలేదు. పైన చెప్పినట్టు కలిపి రాస్తే నాకూ కుదురుతుందా? నాకు పేరోల్ కంపెనీ ఏదీ లేదు, మధ్యలో వేసవి విరామాలు నిజంగానే ఉన్నాయి.

పాత_రిక్రూటర్

మీకు కలిపి రాసే ఆధారం కళాశాలే అమ్మా. మొదటి కళాశాలలో ఎన్నేళ్లు చేశారో ఒక శీర్షిక, రెండోదానికి మరొక శీర్షిక పెట్టండి. తేదీల చోట ఒకే పొడవైన కాలం వేయకుండా "2019–20, 2020–21, 2021–22 విద్యా సంవత్సరాలు" అన్నట్టు మీవి ఏవైతే అవి రాయండి. విద్యా సంవత్సరం అన్న మాటే వేసవి విరామాన్ని చెప్పేస్తుంది. "అదే కళాశాలలో వరుసగా మూడు సంవత్సరాలు తిరిగి ఎంపికయ్యాను" అని ఒక వాక్యం చేర్చండి. మీరు లోపమని బాధపడుతున్నది నిజానికి మీ పనికి వాళ్లు ఏటేటా ఇచ్చిన మార్కు.

అతిథి_అధ్యాపకురాలు

ఆ మాట నాకు తట్టనేలేదు. ఒక ఏడాది మాత్రం నవంబర్‌లో తీసుకున్నారు, ఆ ఏడాది నేను పనిచేసినది ఐదు నెలలే. దానిని పూర్తి విద్యా సంవత్సరంగా రాయడం న్యాయమేనా?

వెరిఫికేషన్_డెస్క్

న్యాయం కాదు. ఆ ఒక్క ఏడాదికి నెలలు వేయండి. అనుభవ పత్రం మీద ఉన్న తేదీలే రెజ్యూమేలోనూ ఉండాలి. ఎవరైనా పక్కపక్కన పెట్టి చూసేది ఆ రెండింటినే.

గోదావరి_గట్టు

నెలల విషయంలో నేను చెప్పినది ఈయనకు సరిపోదని ఒప్పుకుంటున్నాను. అయితే ఒక లెక్క చేశాను, ఎవరూ ప్రస్తావించలేదు కాబట్టి చెబుతున్నాను. ఇరవై రెండు, పంతొమ్మిది, నాలుగు, ఇరవై నాలుగు నెలలు కలిపితే అరవై తొమ్మిది, అంటే ఐదేళ్ల తొమ్మిది నెలలు. మొదటి ఉద్యోగంలో చేరిన రోజు నుంచి లెక్కిస్తేనే ఆరేళ్ల మూడు నెలలు వస్తుంది. నిజాంపేట_టెస్టర్ గారూ, మీ రెజ్యూమే పైన ఎంత అనుభవం అని రాశారు?

నిజాంపేట_టెస్టర్

"ఆరేళ్లకు పైగా" అని రాశాను. లాక్‌డౌన్ నాటి ఆరు నెలలు అందులో కలిసిపోయిన సంగతి నాకు తోచలేదు.

పాత_రిక్రూటర్

గోదావరి_గట్టు గారు మంచి చోట వేలు పెట్టారు. ఆరేళ్ల అనుభవం కావాలన్న ఉద్యోగానికి ఐదేళ్ల తొమ్మిది నెలలతో దరఖాస్తు చేస్తే ఎవరూ తిప్పి పంపరు. ఆరని రాసి, లెక్కలో ఐదున్నర దాటిందని తేలితే మాత్రం మిగతా తేదీలన్నీ మళ్లీ మొదటి నుంచి చూస్తారు. 2020 ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ వరకు ఉన్న ఖాళీని ప్రత్యేకంగా రాయవద్దు, పూడ్చవద్దు. ఆ నెలల్లో ఏం జరిగిందో దేశంలో అందరికీ తెలుసు.

కూకట్‌పల్లి_జావా

అంతా ఒప్పుకుంటాను, స్టార్టప్ విషయం తప్ప. దానిని దరఖాస్తు ఫారంలోనూ వెరిఫికేషన్ పత్రాల్లోనూ చూపించి, రెజ్యూమేలో మాత్రం వదిలేస్తే అబద్ధం కాదు కదా. ఫారంలో ఉంది కాబట్టి దాచినట్టు కాదు, రెజ్యూమేలో లేదు కాబట్టి మొదటి చూపులో అడ్డు కాదు.

బెంగళూరు_టీమ్_లీడ్

ఈ పద్ధతిని నేను తప్పనను. నా బల్ల దగ్గర అలాంటివి ఆమోదించాను కూడా. కాని ఇంటర్వ్యూ రెజ్యూమే చూసి చేస్తాను, ఫారం చివర్లో చూస్తాను. చివర్లో కొత్త పేరు కనిపిస్తే నాకు ఒక్క క్షణం మనసు వెనక్కి పోతుంది.

వెరిఫికేషన్_డెస్క్

నేను ఒక్క వరుసగానైనా ఉంచమంటాను. "స్టార్టప్ పేరు, టెస్ట్ ఇంజనీర్, మే 2022 – ఆగస్టు 2022" అని, కింద ఏ వివరమూ లేకుండా. జీతాలు రాలేదన్న కారణాన్ని రెజ్యూమేలో రాయకండి. అడిగితే "మూడో నెల నుంచి జీతం ఆగింది, ఇల్లు గడవాలి కాబట్టి మారాను" అని ఒక్క వాక్యం చెప్పి ఆపండి. పాత యజమానిని ఎంత తక్కువ తిడితే అంత నమ్ముతారు.

కూకట్‌పల్లి_జావా

మనం ఏకీభవించలేము. ఆయన ఇష్టానికి వదిలేద్దాం.

నిజాంపేట_టెస్టర్

నాలుగు రోజుల తరువాత తిరిగి వచ్చాను. రెజ్యూమే ఒకటిన్నర పేజీకి వచ్చింది, అంతకుముందు మూడు పేజీలు ఉండేది. అనుభవం ఐదేళ్ల తొమ్మిది నెలలు అని రాశాను. పైన రెండు వరుసల్లో డబ్బు లెక్కల సంగతి, కాంట్రాక్టు సంగతి ఉన్నాయి. రెండు పేరోల్ కంపెనీల కింద నలుగురు క్లయింట్లు, ఒక్కొక్కరి కింద నేను పట్టుకున్న ఒక్కొక్క లోపం, చివర ఎందుకు ముగిసిందో మూడు మాటల్లో రాశాను. స్టార్టప్‌ను ఒక్క వరుసగా ఉంచాను. కూకట్‌పల్లి_జావా గారు మన్నించాలి, ఎవరైనా కనుక్కుంటారేమో అన్న బెంగతో ఇంటర్వ్యూలో కూర్చోవడం నా వల్ల కాదు. నౌక్రీలో ఉన్న తేదీలు కూడా ఇదే విధంగా మార్చాను.

నిన్న ఒక కాల్ వచ్చింది. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న: "ఫిబ్రవరి 29 లోపాన్ని జనవరిలో ఎలా పట్టుకున్నారు?" ఇరవై నిమిషాలు అదే మాట్లాడాము. మార్పుల గురించి చివర్లో అడిగారు, కాంట్రాక్టు గడువులని చెప్పాను, సరే అన్నారు. రెండో రౌండు శుక్రవారం ఉంది.

పీఎఫ్ తేదీ మాత్రం ఇంకా మారలేదు. పేరోల్ కంపెనీకి రెండు ఈమెయిళ్లు పంపాను, జవాబు లేదు. శుక్రవారం తరువాత ఆఫర్ దశకు వస్తే ఆ పేజీ అడుగుతారు. వెరిఫికేషన్_డెస్క్ గారూ, జూన్ అని ఉన్న తేదీ గురించి నేనే ముందుగా చెప్పాలా, వాళ్లు అడిగేదాకా ఆగాలా?

వెరిఫికేషన్_డెస్క్

ముందుగా చెప్పండి. ఆఫర్ మాట వచ్చిన రోజునే, రిలీవింగ్ లెటర్, మీరు పంపిన రెండు ఈమెయిళ్లు, 2022 మే నెలలో స్టార్టప్ నుంచి మీ ఖాతాలో జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్ ఒకే ఫైలుగా హెచ్‌ఆర్‌కు పంపండి. ఆ నెలల్లో పాత పేరోల్ కంపెనీ నుంచి జీతం పడలేదని కూడా అదే స్టేట్‌మెంట్ చూపిస్తుంది కాబట్టి, మే మొదటి నుంచి ఆగస్టు చివరి దాకా పూర్తి పేజీలు ఇవ్వండి, ముక్కలు కత్తిరించి పంపవద్దు.